గేటు మూసే టైము

మా స్కూల్లో పరీక్షల సర్క్యులర్ రాసేది నేను. సంతకం ప్రిన్సిపాల్‌గారిది, అక్షరాలు నావి. పదకొండేళ్లుగా ఎగ్జామ్ ఇన్‌ఛార్జిని. ఎవరు ఏ గదిలో ఇన్విజిలేషన్ చెయ్యాలి, మధ్యలో వాళ్లను కాసేపు విడిపించే రిలీవర్ ఎవరు, ప్రశ్నపత్రాల కట్టలు ఎన్ని గంటలకు తీసుకోవాలి, మిగిలిన ఖాళీ జవాబు పత్రాలు ఎవరికి లెక్క అప్పజెప్పాలి, అన్నీ నా సర్క్యులర్‌లో ఉంటాయి. పదకొండేళ్లలో ఒక్క సవరణ కూడా వెయ్యాల్సిన అవసరం రాలేదు. ఈ మాట నేను ఎక్కడ పడితే అక్కడ చెప్పుకునేదాన్ని. వినేవాళ్లకు విసుగొచ్చినా నాకు రాలేదు.

ఒకరోజు స్టాఫ్‌రూమ్‌లో నా గొప్పకు గండి పడింది.

మా స్కూల్లో ఏ సర్క్యులరైనా ఒక పెద్ద పుస్తకంలో అంటించి గది గదికీ పంపుతాం. టీచర్లు చదివి తమ పేరు పక్కన సంతకం పెట్టాలి. ఆ పుస్తకం మోసేది మా అటెండర్. స్కూలంతా ఆమెను దీదీ అంటారు. నేను మాత్రం అక్కా అంటాను. ఆమెదీ మాదీ ఒకే మూలం, శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు నుంచి వచ్చి ఈ దీవుల్లో వలలు వేసుకున్న కుటుంబాలు. ఆమె ఇప్పటికీ సముద్రపు పాయకి అవతలి ఒడ్డునే ఉంటుంది, రోజూ ఫెర్రీ బోటు దిగి హాడోలో ఉన్న మా స్కూలుకి నడిచి వస్తుంది. తెలుగు మీడియంలో అయిదో క్లాసు చదివింది. ఇంగ్లీషు రాదు, నా సర్క్యులర్ ఉండేది ఇంగ్లీషులోనే.

ఆ రోజు అర్ధసంవత్సర పరీక్షల సర్క్యులర్ పట్టుకుని ఆమె స్టాఫ్‌రూమ్‌లోకి వచ్చింది. నేను అల్మారా వెనక పేపర్లు సర్దుకుంటున్నాను, ఎవరికీ కనబడను. లెక్కల మాస్టారు పెన్ను తీసి, పుస్తకం వైపు చూడకుండానే అడిగారు.

"దీదీ, ఇస్ మే క్యా హై?"

"ఆప్ కా రూమ్ నెంబర్ ఛే, సాబ్. సోమవార్, బుధవార్. పౌనే ఆఠ్ బజే ఆనా," అంది అక్క. ఆరో నెంబరు గది, సోమ, బుధవారాలు, పావుతక్కువ ఎనిమిదికి రావాలని.

ఆయన సంతకం పెట్టేశారు. పక్కావిడ అడిగింది, ఆవిడకీ చెప్పింది. ఆవిడా పెట్టేసింది. ఒక్కరంటే ఒక్కరు నేను రాసింది చదవలేదు. నలభై ఒక్కమంది నా సర్క్యులర్‌ను పదకొండేళ్లుగా ఆమె నోట వింటున్నారన్నమాట. పుస్తకం తీసుకెళ్లేముందు ప్రతిసారీ ఆమె నా టేబుల్ దగ్గర నిలబడి, "ఇందులో ఏటుంది మేడమ్?" అని అడగడం, నేను టీ తాగుతూ చెప్పడం మామూలే. ఊరికే కుతూహలం అనుకున్నాను. అదంతా ఈ పనికన్నమాట.

నాకు ఒళ్లు మండింది. నాకు కోపం తొందరగా వస్తుంది, వచ్చినంత తొందరగా పోదు కూడా. ఒక్కో వాక్యం మూడుసార్లు దిద్ది రాసేది ఇందుకా అనుకున్నాను.

అందుకే మార్చిలో తొమ్మిది, పదకొండు తరగతుల వార్షిక పరీక్షల సర్క్యులర్ తయారైనప్పుడు, అక్క ఎప్పటిలాగే టేబుల్ దగ్గరికొచ్చి "ఇందులో ఏటుంది మేడమ్?" అనగానే పుస్తకం చేతిలో పెట్టేశాను.

"ఏమీ చెప్పను. నువ్వూ ఎవరికీ చెప్పొద్దు. పెద్ద చదువులు చదివినవాళ్లు కదా, చదివి సంతకం పెట్టమను."

ఆమె నా ముఖం ఒకసారి చూసింది. "అలాగే మేడమ్," అని పుస్తకం ఛాతీకి ఆనించుకుని వెళ్లిపోయింది. అది బుధవారం. సాయంత్రానికి నలభై ఒక్క సంతకాలూ వచ్చేశాయి. చూశావా, చదివారు అనుకుని మురిసిపోయాను. ప్రిన్సిపాల్‌గారికి చూపిస్తే, "వెరీ గుడ్ మేడమ్," అన్నారు. ఆయన మెయిన్‌లాండ్ నుంచి బదిలీ మీద వచ్చి ఏడాది కాలేదు. నిబంధన అంటే నిబంధనే ఆయనకు. నాకు అదే నచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో, సోమవారం పరీక్షకు గదుల తలుపుల మీద రోల్ నెంబర్లు అంటిస్తున్నాం. నేను కాగితం పట్టుకుంటే అక్క టేపు కత్తిరిస్తోంది. రెండు రోజులుగా ఆమె నాతో పనికి అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. ఉన్నట్టుండి అడిగింది.

"మేడమ్, ఒక మాట. సోమవారం గేటు ఎవలు మూస్తారు?"

"నువ్వే. ఎప్పుడూ నువ్వే కదా. సర్క్యులర్‌లో ఉంది. ఎనిమిదింబావుకి."

ఆమె టేపు పక్కన పెట్టింది. "ఎనిమిదింబావుకా? అప్పటికి నేను గేటు బయటే ఉంటాను కద మేడమ్. మూసీమంటే ఎలాగ మూసీగలను?"

"ఏం, ఎందుకు బయట ఉంటావు?"

"ఏటి మేడమ్, మొదటి బోటు నేదు కదా! మరమ్మత్తుకి ఒడ్డెక్కించీసి మూడు వారాలైపోనాది. రెండో బోటుకే వస్తన్నాం. ఎనిమిదీ ఇరవైకి జెట్టీలో దిగితే, ఇక్కడికి నడిచొచ్చేసరికి ఎనిమిదీ ముప్ఫై అయిదు. నేనే కాదు, అవతల నుంచొచ్చే పిల్లలందరూ అదే బోటు."

చేతిలో కాగితం కిందికి దించేశాను.

మామూలు రోజుల్లో మొదటి బోటు ఏడూ నలభైకి జెట్టీకి వస్తుంది. దాన్నిబట్టి నిరుడు పరీక్షల టైము పెట్టాను. ఎనిమిదింబావుకి గేటు మూత, ఎనిమిదిన్నరకి ప్రశ్నపత్రం, పదిహేను నిమిషాలు చదువుకోవడానికి, పావుతక్కువ తొమ్మిది నుంచి రాత. ఈసారి ఆ కాగితమే తెరిచి తేదీలూ గదులూ మార్చాను. టైములు ముట్టుకోలేదు. పిల్లలు మూడు వారాలుగా ఆలస్యంగా వస్తున్నారని తెలుసు, క్లాస్ టీచర్లు హాజరు వేసేస్తున్నారనీ తెలుసు. ఊళ్లోనే లంబాలైన్‌లో ఇల్లు కట్టుకుని స్కూటీ మీద పది నిమిషాల్లో స్కూలుకి వచ్చేదాన్ని, బోటు సంగతి నాకెందుకు గుర్తుంటుంది? ఆ ఒడ్డున పుట్టి పెరిగినదాన్ని నేను. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"పిల్లలు ఎవరూ చెప్పలేదేం?"

"ఆళ్లకి ఎనిమిదిన్నర పరీక్ష అనే చెప్పినారు. గేటు సంగతి ఎవలు చెప్పినారు? అయిదు నిమిషాలు లేటయితే అడ్జస్ట్ చేస్తారులే అనుకుంటన్నారు."

గేటు మూత సంగతి సిబ్బంది సర్క్యులర్‌లోనే ఉంది. కింద గీత గీసి మరీ రాశాను: గేటు మూసిన తరువాత ఎవరినీ లోపలికి అనుమతించరాదు. నలభై ఒక్కమంది దాని కింద సంతకం పెట్టారు. అందులో బోటు పిల్లల క్లాస్ టీచర్లు నలుగురున్నారు. అక్క ఎప్పటిలా "ఎనిమిదింబావుకి గేటు" అని నోటితో చెప్పి ఉంటే బుధవారమే ఈ మాట బయటపడేది. ఆ నోరు మూయించింది నేనే.

హాజరు పట్టీలు తీసి లెక్కపెట్టాం. తొమ్మిదిలో పన్నెండుమంది, పదకొండులో ఏడుగురు. పంతొమ్మిదిమంది పిల్లలు సోమవారం గేటు బయట నిలబడతారు.

ప్రిన్సిపాల్‌గారి గదికి వెళ్లాను. విన్నారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆ పంతొమ్మిదిమందికి స్పెషల్ పర్మిషన్ ఇచ్చేద్దాం మేడమ్," అన్నారు హిందీలో. "పేపర్ ఇచ్చాక పది నిమిషాల దాకా రానిద్దాం. సర్క్యులర్ అందరూ సంతకం చేశారు, ఇప్పుడెందుకు కదపడం?"

తేలికైన దారి. నా పదకొండేళ్ల పేరు కూడా చెడదు. సవరణ సర్క్యులర్ లేదు, తప్పు ఎవరిదన్న ప్రశ్న లేదు. ఒక్క క్షణం, నిజం చెప్పాలంటే ఒక్క క్షణం కంటే ఎక్కువే, సరేనందామనుకున్నాను.

కానీ ఆ పది నిమిషాలు నాకు తెలుసు.

నేను తొమ్మిదో క్లాసులో ఉండగా వార్షిక పరీక్ష రోజున బోటు ఆలస్యమైంది. నాన్న నన్ను తీసుకొచ్చాడు. వల లాగి అటునుంచి అటే వచ్చాడు, లుంగీ మోకాళ్ల దాకా తడిసి ఉంది. గేటు దగ్గర మాస్టారికి రెండు చేతులూ జోడించి, "లేటైపోనాది సార్, బోటు సార్, తప్పైపోనాది సార్," అన్నాడు. బోటు ఆలస్యమైతే అది ఆయన తప్పెలా అవుతుంది? మాస్టారు మంచివాడే, రానిచ్చాడు. నేను లోపలికి వెళ్లేసరికి గదిలో అందరూ తలలు వంచి రాస్తున్నారు. అందరూ ఒక్కసారి తలెత్తి చూశారు. ఇన్విజిలేటర్ విసుక్కుంటూ పేపర్ ఇచ్చాడు. కంగారులో మొదటి పేజీలో రోల్ నెంబరు తప్పు రాశాను. ఆ రోజు రాసింది మర్చిపోయాను గానీ, నాన్న జోడించిన చేతులు మర్చిపోలేదు.

"వద్దు సర్," అన్నాను. "వాళ్లు ఆలస్యంగా రావడం లేదు. మనం ముందుగా మొదలుపెడుతున్నాం."

ఆయన నావైపు చూశారు. "డ్రాఫ్ట్ మీదే కదా?"

"నాదే సర్. తప్పు కూడా నాదే. ఫైల్లో అలాగే రాసిస్తాను."

రాశాను. 'బోటు వేళల మార్పును గమనించకుండా గత సంవత్సరపు సమయాలనే పొందుపరచినది నేను' అని నోట్‌షీట్ మీద, ఆఫీసు ఇంగ్లీషులో, సంతకంతో సహా. గేటు పావుతక్కువ తొమ్మిదికి, ప్రశ్నపత్రం తొమ్మిదికి, రాత తొమ్మిదింబావు నుంచి పన్నెండుంబావు దాకా. రెండో షిఫ్టులో చిన్న తరగతుల పరీక్ష పన్నెండుంబావుకి బదులు పావుతక్కువ ఒంటిగంటకి. సిబ్బంది పావుతక్కువ ఎనిమిదికి బదులు ఎనిమిదింబావుకి రావాలి, సాయంత్రం అరగంట ఎక్కువ ఉండాలి.

ఆయన చదివి పెన్ను పట్టుకున్నారు, వెంటనే సంతకం పెట్టలేదు.

"ఒక షరతు. ప్రతి ఒక్కరికీ ఇవాళే తెలియాలి. సగంమందికి పాత టైము, సగంమందికి కొత్త టైము అంటే సోమవారం పరీక్ష కాదు, సంత అవుతుంది. స్కూలు వదిలేలోపు నలభై ఒక్క సంతకాలూ నా టేబుల్ మీద ఉండాలి. లేకపోతే పాత సర్క్యులరే ఉంటుంది, వాళ్లకు స్పెషల్ పర్మిషన్."

ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. గోడ గడియారంలో ఒంటిగంటా అయిదు. రెండింటికి స్కూలు వదిలేస్తాం.

ప్రింట్ తీసి పుస్తకంలో అంటించి బయటికొచ్చాను. అక్క వరండాలో నిలబడి ఉంది. రెండు రోజుల కిందట నోరు మూసుకోమన్నది నేనే.

"అక్కా, తప్పు నాదే. ఆ రోజు నిన్ను ఊరికే కసిరాను."

"అదెందుకు ఇప్పుడు," అని చెయ్యి చాపింది. "ఇందులో ఏటుందో చెప్పండి ముందు."

చెప్పాను. గది గదికీ, మనిషి మనిషికీ. ఆమె కళ్లు సగం మూసుకుని విన్నది. ఒక్కటి కూడా రాసుకోలేదు. ఒకచోట నన్నే ఆపింది: "పీటీ సార్‌కి మొదటి షిఫ్టు రిలీవరూ ఇచ్చినారు, రెండో షిఫ్టులో గదీ ఇచ్చినారు. మధ్యలో అరగంటే. జవాబు పత్రాలు లెక్కెట్టి అప్పజెప్పి, మళ్లీ కొత్త కట్ట తీసుకోవాలి. తిండి ఎప్పుడు తింటారు?" నేను పెన్నుతో మార్చి, పక్కన పొట్టి సంతకం పెట్టాను, లోపలికి పరుగెత్తి ప్రిన్సిపాల్‌గారితోనూ పెట్టించుకొచ్చాను.

ఆమె బయలుదేరింది. నేను వెనకాలే వెళ్లాను, కొంచెం దూరంగా. అంత వయసులో ఆ మెట్లన్నీ అలా ఎక్కుతుందని నాకు తెలియదు. ప్రతి గది గుమ్మంలో ఒకటే మాట మొదలు: "టైమ్ బదల్ గయా హై, ధ్యాన్ సే సునియే." టైము మారింది, జాగ్రత్తగా వినండని. తరువాత ఆ మనిషికి కావాల్సింది మాత్రమే. బెంగాలీ టీచర్‌కి హిందీలో, మా తెలుగు టీచర్‌కి తెలుగులో, తమిళ మాస్టారికి రెండూ కలిపి. బోటు పిల్లల క్లాస్ టీచర్లు నలుగురి దగ్గరా అదనంగా నిలబడి, వాళ్లు ఫోన్ తీసి తల్లిదండ్రుల గ్రూపులో కొత్త టైము పెట్టేదాకా కదలలేదు. కెమిస్ట్రీ మేడమ్ చిరాకు పడింది.

"సాయంత్రం అరగంట ఎక్కువా? ఎవరి కోసం దీదీ ఇదంతా?"

"మా ఒడ్డు పిల్లల కోసం మేడమ్," అంది అక్క, బతిమాలకుండా, గట్టిగా కూడా కాకుండా. కెమిస్ట్రీ మేడమ్ పెన్ను తీసింది. సంతకం పెట్టింది.

ఒంటిగంటా యాభైకి నలభై సంతకాలు. నలభై ఒకటో మనిషి, మా భూగోళం మాస్టారు, సెలవు పెట్టి పొద్దున్నే దీవుల ఉత్తరపు కొసనున్న డిగ్లీపూర్‌కి బస్సెక్కారు. ఆదివారం రాత్రికి గానీ తిరిగి రారు. నేను నెత్తిన చెయ్యి పెట్టుకున్నాను. దారిలో సగం అడవి, సిగ్నల్ ఉండదు.

"ఇప్పుడు బారాటాంగ్ దాటి ఉంటారు. రంగత్‌లో భోజనానికి ఆపుతారు బస్సు," అంది అక్క. "అక్కడ సిగ్నలుంటాది."

మూడోసారికి ఫోన్ కలిసింది. నేను స్పీకర్ పెట్టి ప్రిన్సిపాల్‌గారి టేబుల్ మీద ఉంచాను. అక్కే మాట్లాడింది. ఆయన గది, ఆయన కొత్త టైము చెప్పి, తిరిగి ఆయన చేత చెప్పించింది. అవతల నుంచి గిన్నెల చప్పుడు మధ్యలో ఆయన గొంతు: "సవా ఆఠ్ బజే, రూమ్ నెంబర్ గ్యారహ్. ఠీక్ హై దీదీ." ఎనిమిదింబావు, పదకొండో నెంబరు గది, సరిగ్గానే చెప్పారు. ప్రిన్సిపాల్‌గారు తన చేత్తోనే ఆ పేరు పక్కన 'ఫోన్ ద్వారా తెలియజేయబడినది' అని రాసి సంతకం పెట్టారు. గంట కొట్టడానికి నాలుగు నిమిషాలుంది.

ఆయన పుస్తకం మూయబోతుంటే నేను ఆపాను. "ఇంకొకరు మిగిలారు సర్. గేటు డ్యూటీ ఆమెది. సర్క్యులర్‌లో డ్యూటీ ఉంది, సంతకానికి లైనే లేదు."

ఇన్నేళ్లుగా ఏ సర్క్యులర్‌లోనూ నేనే ఆ లైను పెట్టలేదు. ఆ పట్టిక తయారుచేసింది నేనే మరి. స్కేలు తీసుకుని నలభై ఒకటి కింద ఇంకో గీత గీసి, నలభై రెండు అని రాశాను. అక్క కొంగుతో చెయ్యి తుడుచుకుని, తెలుగులో, ఒక్కో అక్షరం నిలబెట్టి సంతకం పెట్టింది. ప్రిన్సిపాల్‌గారు ఆ లిపి వైపు చూసి, "ఏం రాశారు?" అని అడిగారు.

"ఆమె పేరు సర్," అన్నాను. అప్పుడు నాకు కలిగిన గర్వం నా సర్క్యులర్ల మీద పదకొండేళ్లలో ఎప్పుడూ కలగలేదు.

సోమవారం ఎనిమిదింటికే వెళ్లాను. కట్టలు ఇన్విజిలేటర్లకు పంచే పని తోటి టీచర్‌కు అప్పజెప్పి, ఎనిమిదిన్నరకి గేటు దగ్గర నిలబడ్డాను. దగ్గరి పిల్లలు ఒక్కొక్కరే లోపలికి పోతున్నారు. మనసులో పీకుతూనే ఉంది. రెండో బోటు కూడా ఆలస్యమైతే?

ఎనిమిదీ ముప్ఫై ఆరుకి మలుపు దగ్గర కనబడ్డారు. ముందు అక్క, వెనకాల యూనిఫాంలు. పరుగెత్తడం లేదు. నడిచి వస్తున్నారు, మాట్లాడుకుంటూ, ఒకరి జామెట్రీ బాక్సు ఇంకొకరు లాక్కుంటూ. అక్క గేటు పక్కన నిలబడి ఒక్కొక్కరి వీపు తట్టి లోపలికి పంపుతోంది. ఇద్దరం లెక్కపెట్టాం. పద్దెనిమిది.

"ఒకమ్మాయి రావాలి," అంది అక్క. "చెప్పు తెగిపోనాది. ఆళ్ల నాన్న తీసుకొస్తన్నాడు."

రెండు నిమిషాలకు వచ్చారు. తొమ్మిదో క్లాసు పిల్ల, ఒక చెప్పు చేతిలో పట్టుకుని. పక్కన తండ్రి, పొట్టి లుంగీ, భుజం మీద తువ్వాలు, నడకకు రొప్పుతున్నాడు. నన్ను చూడగానే ఆయన వీపు వంగింది, రెండు చేతులూ దగ్గరికొచ్చాయి.

"లేటైపోనాది మేడమ్, బోటు మేడమ్, తప్పైపో..."

నేను ఆయన చేతుల్ని పట్టుకుని కిందికి దించేశాను. తరువాత గానీ నాకే తెలియలేదు అలా పట్టుకున్నానని.

"లేటు కాలేదండీ. పరీక్ష తొమ్మిదింటికి. మీరు టైముకే వచ్చారు."

ఆయనకు నమ్మకం కలగలేదు. అక్క వైపు చూశాడు. అక్క తన చేతి గడియారం ఆయన ముఖం ముందు పెట్టింది. పిల్ల అప్పటికే ఒంటి చెప్పుతో వరండా మెట్లెక్కేస్తోంది, గదిలో ఇంకా ఎవరికీ పేపర్ ఇవ్వలేదు.

"గేటు మూసీనా మేడమ్?" అంది అక్క.

"ఇంకా ఏడు నిమిషాలుంది," అన్నాను. ఆయన వెళ్లిపోలేదు. చేతులు కట్టుకోకుండా, జోడించకుండా, ఊరికే పక్కకు వదిలేసి గేటు దగ్గర మాతోపాటే నిలబడ్డాడు, గంట కొట్టేదాకా.